555 చిప్‌లో వెలుగెంత, చీకటెంత?

హాన్స్ కామెంజిండ్ 1971లో సిగ్నెటిక్స్ కంపెనీ కోసం రూపొందించిన 555 టైమర్ చిప్ ఇప్పటికీ ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరుకుతూనే ఉంది. రెండు రెసిస్టర్లు, ఒక కెపాసిటర్ తగిలిస్తే చాలు, ఎవరూ మీట నొక్కకుండానే ఎల్‌ఈడీని అదే పనిగా వెలిగిస్తూ ఆర్పుతూ ఉంటుంది. ఈ పద్ధతినే ఏస్టేబుల్ మోడ్ అంటారు.

లోపల జరిగేది ఇదీ. సప్లై నుంచి R1, R2ల గుండా కెపాసిటర్ నిండుతుంది. దాని వోల్టేజీ సప్లైలో మూడింట రెండు వంతులకు చేరగానే చిప్ ఏడో పిన్ను గ్రౌండుకు కలుపుతుంది. అప్పుడు కెపాసిటర్ ఒక్క R2 గుండానే ఖాళీ అవుతుంది. మూడింట ఒక వంతుకు దిగగానే మళ్లీ నిండటం మొదలు. నిండేటప్పుడు అవుట్‌పుట్ ఆన్, ఖాళీ అయ్యేటప్పుడు ఆఫ్.

ఎక్కేటప్పుడు సప్లైకీ కెపాసిటర్‌కూ మధ్య మిగిలిన తేడా సగమవుతుంది. దిగేటప్పుడు ఉన్న వోల్టేజీయే సగమవుతుంది. ఏదైనా సగం కావడానికి పట్టే సమయం రెసిస్టెన్సు, కెపాసిటెన్సుల లబ్ధానికి 0.693 రెట్లు. లెక్కల్లో కనిపించే ఆ అంకె అక్కడిదే. సప్లై 5 వోల్టులైనా 12 వోల్టులైనా వేగం దాదాపు మారకపోవడానికీ కారణం ఈ సగమే.

```
ఆన్ = 0.693 × (R1 + R2) × C
ఆఫ్ = 0.693 × R2 × C
f = 1.44 / ((R1 + 2R2) × C)
```

రెండు రెసిస్టర్లూ 47 కిలోఓమ్‌లు, కెపాసిటర్ 10 మైక్రోఫారడ్‌లు అనుకుందాం. ఆన్ 0.65 సెకను, ఆఫ్ 0.33 సెకను. ఫ్రీక్వెన్సీ సుమారు 1.02 హెర్ట్జ్. మొత్తం కాలంలో ఆన్‌గా ఉండే వాటాయే డ్యూటీ సైకిల్. ఇక్కడ అది 67 శాతం. అందుకే ఎల్‌ఈడీ ఆరి ఉన్నదానికంటే వెలిగి ఉండేదే ఎక్కువ.

రెండూ సమానం కావాలంటే R1ను బాగా తగ్గించాలి. దాన్ని 1 కిలోఓమ్ చేస్తే డ్యూటీ సైకిల్ 50.5 శాతానికి వస్తుంది గానీ, వేగం కూడా 1.5 హెర్ట్జ్‌కు పెరుగుతుంది. R2ను 68 కిలోఓమ్‌లకు పెంచితే మళ్లీ సెకనుకు ఒక మెరుపు దగ్గరకు చేరుతుంది. అలాగని R1ను పూర్తిగా తీసేసి వైరు కలపకూడదు. ఏడో పిన్ గ్రౌండుకు కలిసిన క్షణంలో సప్లై నేరుగా దాని గుండా పారి చిప్ పాడైపోతుంది. యాభై శాతం కంటే తక్కువ కావాలనుకుంటే R2కు సమాంతరంగా డయోడ్ పెట్టి, నిండే కరెంటును R2 పక్కనుంచి మళ్లిస్తారు.

స్విచ్ వేయగానే వచ్చే మొదటి మెరుపు, మొదటి ఉదాహరణలో, సెకను పైనే ఉంటుంది. కెపాసిటర్ సున్నా నుంచి నిండాలి కాబట్టి అది లోపం కాదు. దాన్ని వదిలేసి నిమిషం పాటు మెరుపులు లెక్కపెడితే 61 రావాలి. 51 వస్తే ముందుగా కెపాసిటర్‌ను అనుమానించాలి. మామూలు ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ విలువ 20 శాతం అటూఇటూ ఉండవచ్చు. 10 అని రాసి ఉన్నది నిజానికి 12 మైక్రోఫారడ్‌లైతే సరిగ్గా ఆ 51 మెరుపులే వస్తాయి.