చంద్రుడి పక్క ఇళ్లు ఖాళీగా ఉంటే

కంప్యూటర్ తీసిచ్చిన జాతకంలో ఒక పేజీలో ‘కేమద్రుమ యోగం – దారిద్ర్యం’ అని, మరో పేజీలో ‘విపరీత రాజయోగం’ అని ఉంటుంది. మొదటిది చూసి తల్లి శాంతి పూజ ఎప్పుడు చేయించాలని అడుగుతుంది. రెండోది చూసి తండ్రి మీసం తిప్పుతాడు. నిజానికి ఆ రెండు పేర్లూ చెప్పేది చాలా తక్కువ.

చంద్రుడున్న రాశికి ముందూ వెనకా, అంటే రెండో ఇంట, పన్నెండో ఇంట గ్రహం లేకపోతే అది కేమద్రుమం. ఈ లెక్కలో కుజ, బుధ, గురు, శుక్ర, శనులే ఉంటారు. సూర్యుడు, రాహుకేతువులు ఆ ఇళ్లలో ఉన్నా లేనట్టే. అంటే చూడాల్సినవి ఐదు గ్రహాలు, ఖాళీగా ఉండాల్సినవి పన్నెండింట్లో రెండిళ్లు. ఏ గ్రహమైనా ఎక్కడైనా ఉండొచ్చనుకుని ముతక లెక్క వేసినా వందలో సుమారు 40 జాతకాలకు ఈ యోగం తగులుతుంది. బుధ శుక్రులు సూర్యుడిని అంటిపెట్టుకునే తిరుగుతారు కాబట్టి లెక్క కొంత అటూ ఇటూ అవుతుంది. అంతమందీ దరిద్రులే అయితే ఇక చెప్పేదేముంది!

ఈ యోగానికి పుట్టిన సమయం కూడా అక్కర్లేదు. చంద్రుడు ఒక రాశిలో రెండుంపావు రోజులుంటాడు. ఆ వ్యవధిలో ప్రపంచమంతటా పుట్టే పిల్లలు దాదాపు 8 లక్షల మంది. మిగతా గ్రహాలు ఈలోగా రాశి మారకపోతే అందరిదీ ఒకే కేమద్రుమం.

పాత గ్రంథకర్తలకు ఇది తెలియనిది కాదు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహజ్జాతకంలో ఈ యోగం చెబుతూనే, చంద్రుడితో గానీ కేంద్రాల్లో గానీ గ్రహాలుంటే ఇది వర్తించదనే మాటనూ ప్రస్తావించాడు. చంద్రుడి నుంచి 1, 4, 7, 10 స్థానాలు కూడా ఖాళీగా ఉండాలంటే మన ముతక లెక్క వందలో 40 నుంచి 3కి పడిపోతుంది. లగ్న కేంద్రాలనూ కలిపితే ఒకటి దగ్గర ఆగుతుంది. చాలా ప్రింటవుట్లలో యోగం పేరుంటుంది, ఈ భంగం ఉండదు. పూజల బేరం సాగేది ఆ ఖాళీలోనే. పేరు కూడా భయపెట్టడానికి పుట్టింది కాదు. గ్రీకులో ‘ఖాళీగా సాగిపోవడం’ అనే అర్థమున్న కెనోడ్రోమియా నుంచి వచ్చిందని పండితుల మాట.

విపరీత రాజయోగానిది ఎదురు తర్కం. అప్పులు, రోగాలు, శత్రువులు ఆరో ఇంటివి. ఆటంకాలు, ఆయుర్గండాలు ఎనిమిదో ఇంటివి. ఖర్చు, నష్టం పన్నెండో ఇంటివి. ఈ ఇళ్ల అధిపతులు మళ్లీ ఇలాంటి ఇళ్లలోనే పడితే చెడు చెడును తినేస్తుందంటారు. మంత్రేశ్వరుడి ఫలదీపికలో ఆరో అధిపతి వల్ల వచ్చేది హర్ష, ఎనిమిదో అధిపతిది సరళ, పన్నెండో అధిపతిది విమల. నియమం గట్టిగా పాటించేవాళ్లు ఇంకో షరతు పెడతారు: ఈ అధిపతులతో వేరే గ్రహం కలవకూడదు, వాళ్లను చూడకూడదు.

ఇక్కడో చిక్కుంది. సూర్యచంద్రులకు ఒక్కో రాశే సొంతం, మిగతా ఐదుగురికి రెండేసి. ఏ లగ్నానికి చూసినా ఒకే గ్రహానికి ఈ మూడు చెడ్డ ఇళ్లలో రెండు దక్కవు. కాబట్టి ఆ ఐదుగురిలో ఎవరు చెడ్డ ఇంటి అధిపతి అయినా, చేతిలో ఇంకో ఇంటి తాళం కూడా ఉంటుంది. తాను దుస్థానంలో పడితే ఆ రెండో ఇల్లూ నలుగుతుంది.

ఊహించిన జాతకం ఒకటి వేసి చూద్దాం. మేష లగ్నం. కన్యలో సూర్యుడు, బుధుడు. తులలో శుక్రుడు. వృశ్చికంలో కుజుడు, గురువు. కుంభంలో శని. మిథునంలో చంద్రుడు. చంద్రుడికి అటు వృషభం, ఇటు కర్కాటకం ఖాళీ, కాబట్టి కేమద్రుమం. ఆరో అధిపతి బుధుడు ఆరులో, ఎనిమిదో అధిపతి కుజుడు ఎనిమిదిలో, పన్నెండో అధిపతి గురువు కూడా ఎనిమిదిలో. అంటే హర్ష, సరళ, విమల మూడూ ఉన్నట్టే. ప్రింటవుట్ మురిసిపోతుంది.

ఇప్పుడు నిదానంగా చూడండి. చంద్రుడికి నాలుగో ఇంట బుధుడున్నాడు, లగ్నానికి ఏడింట శుక్రుడున్నాడు. కేమద్రుమం రెండు విధాలా పోయింది. కుజుడు ఎనిమిదో అధిపతే కాదు, లగ్నాధిపతి కూడా. గురువు పన్నెండుతో పాటు భాగ్యస్థానానికీ అధిపతి. లగ్నమూ భాగ్యమూ అష్టమంలో చిక్కుకోవడాన్ని రాజయోగమని సంబరపడటం నాకు మింగుడు పడదు. పైగా కుంభం నుంచి శని పదో చూపు వృశ్చికం మీదే పడుతోంది, బుధుడితో సూర్యుడు కలిశాడు. గట్టి నియమం ప్రకారం మూడింటికీ మచ్చ పడింది.

యోగం మిగిలిందనుకున్నా, ఫలించేది ఆ గ్రహం దశలోనే అంటారు. చంద్రుడు పునర్వసు రెండో పాదం మొదట్లో ఉంటే పుట్టేనాటికి గురు దశ 12 ఏళ్లు మిగిలి ఉంటుంది. విమల యోగం బడిలోనే గడిచిపోతుంది. తర్వాత శని దశ 19 ఏళ్లు. హర్ష ఇచ్చే బుధ దశ 31వ ఏట మొదలై 48తో ముగుస్తుంది. సరళ యోగపు కుజుడి కోసమైతే 91 నిండేదాకా ఆగాలి.