ట్యాలీ ఉంటే ఏ ల్యాప్‌టాప్?

మా తమ్ముడి కూతురు బీకాంలో చేరింది. "పెదనాన్నా, మ్యాక్ కొనుక్కోనా?" అంది. "ముందు కాలేజీలో ఏం నేర్పుతారో కనుక్కోమ్మా" అన్నాను. ట్యాలీ అట.

ట్యాలీ విండోస్ కోసం రాసిన ప్రోగ్రాం. మ్యాక్‌లో నేరుగా ఎక్కదు. పాత ఇంటెల్ మ్యాక్‌లలో బూట్ క్యాంప్‌తో విండోస్ పక్కనే వేసుకునేవాళ్లు. 2020లో ఆపిల్ సొంత ఎం1 చిప్ తెచ్చాక, ఆ రకం మ్యాక్‌లలో ఆ దారి మూసుకుపోయింది. ప్యారలల్స్ ఉందిగానీ, దానికి వేరే డబ్బు కట్టాలి. మ్యాక్‌ది మంచి బ్యాటరీయే, ఈ పిల్లకు మాత్రం దండగ.

తర్వాత తక్కువ ధరలో ఒకటి చూపించింది. వివరాల్లో "DOS" అని ఉంది. అంటే విండోస్ ఉండదు, లైసెన్సు మనమే కొనాలి. ఆ ఖర్చు కలిపితే చవక కాస్తా కరిగిపోయింది.

చివరికి విండోస్‌దే తీసుకున్నాం. లైనక్స్ ముచ్చట తర్వాతైనా తీరుతుంది: ఉబుంటును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, "Try Ubuntu" నొక్కితే డిస్కును ముట్టుకోకుండానే నడుస్తుంది. వైఫై, సౌండు, స్లీప్ నుంచి లేవడం అక్కడే పరీక్షించుకోవచ్చు. వైఫై పేర్లు కనిపించకపోతే డ్రైవర్ పేచీ ఉన్నట్టే.