ఒక సిద్ధాంతం, నాలుగు గళ్లు

డిగ్రీలో వాస్తవ విశ్లేషణ పాఠం గంటసేపు సాగితే బోర్డు నిండా సిద్ధాంతాలు, నిరూపణలే. తర్వాత ఆ నోట్సు తెరిస్తే నిరూపణ కనిపిస్తుంది కానీ, ఏ షరతు ఎందుకు పెట్టారో కనిపించదు. అందుకే ఒక్కో ఫలితాన్ని నాలుగు గళ్లలో తిరగరాసుకోవాలి: నిర్వచనం, ప్రవచనం, ఉదాహరణ, ప్రత్యుదాహరణ. అసలు కష్టం నాలుగో గడిలోనే ఉంటుంది.

ఒక సిద్ధాంతం చూద్దాం. అవిచ్ఛిన్న ప్రమేయాలు, అంటే గ్రాఫు ఎక్కడా తెగనివి, వరసగా ఉన్నాయి. ఆ వరస ఏకరూపంగా అభిసరిస్తే, చివరికి చేరే అవధి ప్రమేయం కూడా అవిచ్ఛిన్నమే. ఇది ప్రవచనం గడి.

నిర్వచనం గడిలో ‘ఏకరూపం’ అంటే ఏమిటో రాయాలి. అవధికీ ప్రమేయానికీ తేడా ఎంత చిన్నగా కావాలన్నా, ఏదో ఒక n దాటాక అంతరంలోని x లన్నిటికీ అది సాధ్యం కావాలి. అన్నిటికీ ఒకే n అన్న మాట కింద గీత గీయండి. ఒక్కో x కు ఒక్కో n కావలసి వస్తే అది బిందువారీ అభిసరణే.

ఈ తేడా గొప్పవాళ్లకీ వెంటనే చిక్కలేదు. అవిచ్ఛిన్న ప్రమేయాల శ్రేణి అభిసరిస్తే మొత్తం కూడా అవిచ్ఛిన్నమేనని 1821లో కోషీ రాశాడు. 1826లో ఏబెల్ sin x − (sin 2x)/2 + (sin 3x)/3 − … అనే శ్రేణిని ఎత్తి చూపాడు. దాని మొత్తం x = π దగ్గర తెగిపోతుంది.

మన కాగితానికి xⁿ చాలు. [0, 1/2] మీద దాని అతిపెద్ద విలువ (1/2)ⁿ. n = 10 అయ్యేసరికి అది 1/1024, అంటే అంతరమంతటా 0.001 కన్నా తక్కువ. ఇది ఉదాహరణ. ఇప్పుడు అంతరాన్ని [0, 1] చేయండి. 1 కన్నా తక్కువ x లకు అవధి 0, x = 1 వద్ద మాత్రం 1. గ్రాఫు తెగింది. ఇది ప్రత్యుదాహరణ.

ఇక్కడ చాలామంది పొరపడతారు. మొదటినుంచీ తెగిన ప్రమేయాలనే తెచ్చి, ఏకరూపతనూ వదిలేస్తే, ఫలితం దెబ్బతినడానికి ఏ షరతు కారణమో తెలియదు. ప్రత్యుదాహరణలో ఒక్క షరతే తప్పాలి, మిగతావన్నీ నిలవాలి. రాశాక ప్రతి షరతు పక్కనా టిక్కు పెట్టి చూస్తే, ఒక్కదాని దగ్గరే ఇంటూ రావాలి. xⁿ లో ప్రతి ప్రమేయమూ అవిచ్ఛిన్నమే, తప్పింది ఏకరూపత ఒక్కటే.

సిద్ధాంతాన్ని తిరగేసి కూడా అడగాలి: అవధి అవిచ్ఛిన్నమైతే అభిసరణ ఏకరూపమేనా? [0, 1) మీద xⁿ అవధి అంతటా 0, అంటే అవిచ్ఛిన్నమే. కానీ n = 10 వద్ద x = 0.933 దగ్గర, n = 100 వద్ద x = 0.9931 దగ్గర విలువ ఇంకా 0.5 చుట్టూనే ఉంది. n ఎంత పెంచినా 1 కి దగ్గరగా అలాంటి x దొరుకుతూనే ఉంటుంది. కనుక విపర్యయం నిలవదు.

తర్వాత వచ్చే డీనీ సిద్ధాంతం మూడు అదనపు షరతులతో ఈ విపర్యయాన్ని నిలబెడుతుంది: అంతరం సంవృతం, పరిబద్ధం కావాలి, అవధి అవిచ్ఛిన్నం కావాలి, ప్రతి x వద్దా విలువలు n తోపాటు ఒకే దిశలో సాగాలి. [0, 1) మీది xⁿ లో తప్పింది మొదటిదొక్కటే, చివరి అంచు 1 అంతరంలో లేదు. కాబట్టి దాన్నే డీనీ కాగితం నాలుగో గడిలోకి ఎక్కించుకోవచ్చు.