నిఫ్టీ పుట్‌కి అంత ధర ఎందుకు?

నిఫ్టీ ఫ్యూచర్ 25,000 దగ్గర ఉందనుకుందాం. ఎక్స్‌పైరీకి ఇంకా 30 రోజులుంది. 23,750 పుట్, 26,250 కాల్ రెండూ ఇప్పుడున్న చోటికి సరిగ్గా 5 శాతం దూరంలో ఉన్నాయి. మొదటిది మార్కెట్ పడితే ఆదుకుంటుంది, రెండోది పెరిగితే లాభమిస్తుంది. దూరం సమానమైనప్పుడు ధరలు కూడా దగ్గరదగ్గరగా ఉండాలనిపిస్తుంది. కానీ ఆప్షన్ చైన్ తెరిస్తే పుట్ 90 రూపాయలు, కాల్ 21 రూపాయలు అన్నట్టుగా కనిపిస్తుంది. ఈ అంకెలు ఉదాహరణ కోసం నేను లెక్కగట్టినవే. రోజును బట్టి అవి మారతాయి కానీ, పుట్‌దే పైచేయి కావడం మాత్రం అరుదుగా తప్ప మారదు.

ఆప్షన్ ధర కట్టడానికి ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ 1973లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ అందరికీ కొలబద్ద. ఇండెక్స్ ఎక్కడుంది, స్ట్రైక్ ఎంత, గడువు ఎంత, వడ్డీ ఎంత అన్నవి అందరికీ తెలుసు. తెలియనిది ఒక్కటే, ముందు ముందు మార్కెట్ ఎంతగా ఊగుతుందన్నది. దాన్నే వోలటిలిటీ అంటారు. ఆప్షన్ మార్కెట్లో ఏ ధరకు అమ్ముడుపోతోందో చూసి, ఆ ధర రావాలంటే సూత్రంలో వోలటిలిటీ ఎంత వేయాలని వెనక్కి లెక్కిస్తే వచ్చేది ఇంప్లైడ్ వోలటిలిటీ. ఆప్షన్ చైన్‌లో IV అనే నిలువు వరసలో ఉండేది అదే.

సూత్రం చెప్పినట్టే మార్కెట్ నడిస్తే ఒకే ఎక్స్‌పైరీలోని అన్ని స్ట్రైక్‌లకూ IV ఒక్కటే ఉండాలి. మన రెండు ఆప్షన్లకూ 13 శాతం వేసి చూడండి. కాల్ 42 రూపాయలు, పుట్ 35 రూపాయలు వస్తాయి. అంటే కాల్‌కే కాస్త ఎక్కువ! ఇండెక్స్ సున్నా కంటే కిందికి పోలేదు, పైకి మాత్రం హద్దు లేదు అన్న ఊహ సూత్రంలోనే ఉంది. మార్కెట్ దీన్ని తలకిందులు చేస్తోంది. పుట్ 90కి రావాలంటే IV 17 శాతం వేయాలి, కాల్ 21కి దిగాలంటే 11 శాతం. స్ట్రైక్‌లను అడ్డంగా, IVలను నిలువుగా పెట్టి గీస్తే ఎడమ నుంచి కుడికి దిగే వాలు కనిపిస్తుంది. ఈ వాలునే స్క్యూ అంటారు. డాలర్, యూరో వంటి కరెన్సీ జతల ఆప్షన్లలో తరచుగా రెండు చివరలూ పైకి లేస్తాయి, అందుకే దాన్ని స్మైల్ అన్నారు. రెండు కరెన్సీల్లో ఏది కుప్పకూలినా ఎవరో ఒకరికి నష్టమే కనుక భయం రెండు వైపులా ఉంటుంది. స్టాక్ ఇండెక్సుల్లో ఆ భయం ప్రధానంగా కింది వైపే.

ఈ వాలు ఎప్పటినుంచో ఉన్నది కాదు. అమెరికా ఇండెక్స్ ఆప్షన్లలో 1987 దాకా గీత దాదాపు చదునుగానే ఉండేది. ఆ ఏడాది అక్టోబర్ 19న, సోమవారం, ఎస్ అండ్ పీ 500 ఒక్క రోజులో 20 శాతానికి పైగా పడిపోయింది. ఏడాదికి 20 శాతం వోలటిలిటీ అంటే రోజుకు సుమారు 1.25 శాతం కదలిక. ఆ లెక్కన అది మామూలు రోజు కదలికకు 16 రెట్లు. సూత్రం దృష్టిలో విశ్వం పుట్టినప్పటినుంచి ఎదురుచూసినా రాకూడని రోజది. ఆ తర్వాత గీత మళ్లీ చదును కాలేదు. ఆప్షన్ సిద్ధాంతకర్త మార్క్ రూబిన్‌స్టీన్ దీన్ని క్రాష్ భయం అన్నాడు. విచిత్రమేమిటంటే, మార్కెట్ పడేకొద్దీ ఫ్యూచర్లు అమ్ముకుంటూ పోయే పోర్ట్‌ఫోలియో ఇన్సూరెన్స్ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినవారిలో ఆయనా ఒకడు. ఆ రోజు పతనాన్ని ఆ అమ్మకాలే పెంచాయన్న విమర్శ బలంగా వినిపించింది.

భయం ఒక్కటే కారణమని సరిపెట్టుకోలేం, దాని వెనక లెక్క ఉంది. మార్కెట్ మెల్లగా ఎక్కేటప్పుడు ఒక రోజు బ్యాంకులు, ఇంకో రోజు ఐటీ, మరో రోజు ఫార్మా పెరుగుతాయి. ఒకటి పెరిగి ఇంకొకటి తగ్గడంతో ఇండెక్స్ ఊగిసలాట చిన్నగా ఉంటుంది. భయం పట్టుకున్న రోజు మాత్రం యాభై షేర్లూ కలిసే పడతాయి. 2020 మార్చి 23న నిఫ్టీ ఒక్క రోజే 13 శాతం పడింది. అలా పడే కొద్దీ వోలటిలిటీ పెరుగుతుంది. కాబట్టి కింది స్ట్రైక్‌ల దాకా ఇండెక్స్ వెళ్లిందంటే అప్పటికే మార్కెట్ అల్లకల్లోలంగా ఉంటుందని పుట్ అమ్మేవాళ్లకు తెలుసు. పైకి దూకడం జరగదని కాదు. 2009 మే 18న, ఎన్నికల ఫలితాల తర్వాత, నిఫ్టీ 17 శాతానికి పైగా ఎగిసింది. కానీ అలాంటి ఎగువ దూకుడు వల్ల మునిగేవాళ్లు తక్కువ, ఎందుకంటే దేశంలో ఎక్కువమంది షేర్లు కొని పెట్టుకున్నవాళ్లే.

ఇక్కడే గిరాకీ సంగతి వస్తుంది. షేర్లు పట్టుకున్న పెద్ద సంస్థలు రక్షణ కోసం పుట్లు కొంటాయి, అదనపు రాబడి కోసం కాల్స్ అమ్ముతాయి. రెండు పనులూ పుట్ ధరను పైకి, కాల్ ధరను కిందికి తోస్తాయి. ఆ పుట్లు రాసేవాళ్ల పరిస్థితి వరద బీమా కంపెనీ లాంటిది. వాహన బీమాలో ఇవాళ ఒకరి కారు, రేపు ఇంకొకరిది గుద్దుకుంటుంది. వరద వస్తే ఊరంతా ఒకేసారి క్లెయిము పెడుతుంది. పుట్ అమ్మినవాడు పడే మార్కెట్లో ఫ్యూచర్లు అమ్మి కాపాడుకోవాలి. కానీ ఉదయం తెరిచేసరికే ఇండెక్స్ 5 శాతం కింద ఉంటే, మధ్యలో అమ్ముకునే అవకాశమే ఉండదు. ఆ ప్రమాదానికి తగిన అదనపు రుసుము ప్రీమియంలో కలిసి వస్తుంది.

ఈ రుసుము కొనేవాడికి ఎంత బరువో చూడండి. 25,000కి 90 అంటే నెలకు 0.36 శాతం. ప్రతినెలా ఇదే రక్షణ కొంటే ఏడాదికి 4.3 శాతం పోతుంది. షేర్ల రాబడిలో ఇది చిన్న ముక్కేమీ కాదు. అందుకే చాలామంది కాల్ అమ్మి ఆ డబ్బుతో పుట్ కొందామనుకుంటారు. దీన్ని కాలర్ అంటారు. సమాన దూరంలోని కాల్ అమ్మితే చేతికొచ్చేది 21, కట్టాల్సింది 90. ఖర్చు పూర్తిగా పూడాలంటే మన ఉదాహరణలో సుమారు 25,700 కాల్ అమ్మాలి. అంటే 5 శాతం కిందనున్న రక్షణ కోసం 3 శాతం పైనుంచి వచ్చే లాభమంతా వదులుకోవాలి. స్క్యూ మన జేబుకు ఎలా తగులుతుందో ఇంతకంటే స్పష్టంగా చూపే లెక్క నాకు తెలియదు.

ధర ఎక్కువగా ఉందంటే మోసమని కాదు, దాన్ని అమ్మేస్తే తేరగా డబ్బొస్తుందనీ కాదు. ఏళ్ల తరబడి పుట్లు రాసి సంపాదించినదంతా 2020 మార్చి వంటి ఒక్క నెలలో పోవచ్చు. అలాగే మార్కెట్ పడ్డాక కంగారులో పుట్ కొనడం కూడా తప్పే. ఆ నెలలో ఇండియా విక్స్ 70 దాటింది. అప్పుడు కొన్నవాడికి ఇండెక్స్ ఇంకాస్త పడినా, IV దిగిపోవడంతో పుట్ ధర తగ్గే ప్రమాదం ఉంది.

పోల్చేటప్పుడు కొన్ని జాగ్రత్తలు అవసరం. ఫ్యూచర్ సాధారణంగా స్పాట్ కంటే పైన ఉంటుంది, కాబట్టి దూరాన్ని అదే ఎక్స్‌పైరీ ఫ్యూచర్ నుంచి కొలవండి. బాగా దూరపు స్ట్రైక్‌లో చివరి ట్రేడు గంట కిందటిదైతే దాని IV నమ్మకండి. కొనుగోలు, అమ్మకం కోట్ల నడిమి ధర తీసుకోండి. రక్షణ కావాలనుకుంటే మార్కెట్ నెమ్మదిగా ఉన్న రోజుల్లో, IV వరస చూసి, ఏడాది మొత్తానికి అయ్యే ఖర్చు కాగితం మీద రాసుకున్న తర్వాతే పుట్ కొనండి.