చేస్తూనే ఉన్నాడు, ఆమెకే అందడం లేదు

విజయవాడలో ఇద్దరూ ఉద్యోగాలు చేసుకునే జంటను ఊహించుకోండి. ఆయన పొద్దున్నే లేచి పాలు కాస్తాడు, ఆమె స్కూటీలో పెట్రోలు పోయిస్తాడు, వాళ్లమ్మగారి బీపీ మాత్రలు అయిపోకముందే తెచ్చిస్తాడు. అయినా ఆమె అక్కతో ఫోన్లో, "ఈయనకి నేనంటే పట్టదే" అంటుంది. ఆమె అనేది అబద్ధం కాదు. మేనేజరు అందరిముందూ కసిరిన రోజు ఇంటికొచ్చి చెప్పుకోబోతే, సగంలోనే "సర్లే, స్కూటీ తాళం ఇవ్వు, టైర్లో గాలి తగ్గింది" అంటూ ఆయన కిందికి వెళ్లిపోయాడు.

అమెరికన్ పాస్టరు గారీ చాప్‌మన్ 1992లో రాసిన పుస్తకంతో "ప్రేమ భాషలు" అనే మాట బాగా వ్యాపించింది. మెచ్చుకోలు, కలిసి గడిపే సమయం, కానుక, సేవ, స్పర్శ అని ఆయన ఐదు చెప్పాడు. ఒక్కొక్కరికీ ఒక్కటి ముఖ్యమన్నాడు. అయితే 2024లో ఎమిలీ ఇంపెట్ బృందం పరిశోధనలన్నీ సమీక్షించి, అడిగితే జనం ఐదూ కావాలనే అంటారనీ, ఇద్దరి భాషా ఒకటైతేనే కాపురం బాగుంటుందనడానికి గట్టి ఆధారం లేదనీ తేల్చింది. "నాది సేవ, నీది మాట" అని పంచుకుని ఊరుకుంటే సరిపోదన్నమాట.

నాకు హ్యారీ రీస్ అనే మనస్తత్వవేత్త చెప్పింది ఎక్కువ పనికొచ్చేలా కనిపిస్తుంది. ఎదుటివాళ్లు మనల్ని అర్థం చేసుకున్నారనీ, మన బాధకు విలువిచ్చారనీ, మన బాగు కోరుతున్నారనీ అనిపించినప్పుడే దగ్గరితనం కలుగుతుందంటాడాయన. మన కథలో భర్త దగ్గర మూడోది నిండుగా ఉంది, మొదటి రెండూ లేవు. "అందరిముందే అన్నాడా? ఎంత కష్టంగా అనిపించిందో" అని కాసేపు కూర్చుని, ఆ తర్వాత గాలి కొట్టించడానికి వెళ్లుంటే ఆ పనే ఆమెకు ప్రేమగా తోచేది.

ఆమె వైపునా ఒక సంగతుంది. 1980లో రాబిన్సన్, ప్రైస్ అనే పరిశోధకులు దంపతుల ఇళ్లకు పరిశీలకులను పంపారు. కాపురంలో సంతోషం లేనివాళ్లు, భాగస్వామి చేసిన మంచి పనుల్లో దాదాపు సగం గమనించనే లేదు. కోపం పేరుకున్నాక పాలగిన్నె, మాత్రల చీటీ కంటికి ఆనవు. అందుకే చేసినాయన "పెట్రోలు పోయించాను, రేపు నీకు దూరం కదా" అని నోటితో చెప్పడం మంచిది.

ఆమె కూడా "నన్ను పట్టించుకో" అంటే ఆయనకు ఏం చేయాలో తెలియదు. "అన్నం తిన్నాక పది నిమిషాలు ఫోను పక్కనపెట్టి విను, సలహా వద్దు" అంటే తెలుస్తుంది. అడిగి చేయించుకుంటే విలువేముందని చాలామంది అంటారు. నేనొప్పుకోను. అడిగాక గుర్తుపెట్టుకుని మళ్లీ మళ్లీ చేయడంలోనే ఆయన మనసు తెలుస్తుంది.

స్పష్టంగా అడిగిన కొన్ని వారాల్లో తడబడుతూనైనా ప్రయత్నిస్తే, ఇద్దరి మధ్యా ఉన్నది ప్రేమ చూపే తీరులో తేడాయే. అడిగినందుకు ఎగతాళి చేసినా, చెయ్యి చేసుకున్నా అది వేరే సమస్య. అక్కడ ఆమె నమ్మకమైన మనుషుల సాయం తీసుకోవాలి తప్ప, అతని చేతల్లో ప్రేమ వెతకనక్కర్లేదు.