బయటికి తిరిగి కూర్చున్నవాళ్లతోనే చిక్కు

నంద్యాలలోనో, హైదరాబాద్ అశోక్‌నగర్‌లోనో బ్యాంకు పరీక్షలకు చదువుతున్న పిల్లల రఫ్ పుస్తకం తెరిస్తే వరసగా సున్నాలు కనిపిస్తాయి. ప్రతి సున్నా చుట్టూ ఎనిమిది చిన్న గీతలు, వాటి పక్కన పేర్లు, కొన్ని కొట్టివేతలు. ఇవి సీటింగ్ అరేంజ్‌మెంట్ పజిల్స్. గుండ్రటి బల్ల చుట్టూ ఎనిమిది మంది కూర్చున్నారు, ఎవరికి ఎవరు ఎటు ఉన్నారో కొన్ని క్లూలు ఇస్తారు, ఎవరెక్కడున్నారో తేల్చాలి. ఇటీవలి ఏళ్లలో ఐబీపీఎస్ పీఓ ప్రిలిమ్స్‌లో రీజనింగ్ విభాగానికి 35 ప్రశ్నలు, 20 నిమిషాలు. తప్పు జవాబుకు ఆ ప్రశ్నకున్న మార్కుల్లో పావు వంతు పోతుంది. ఇలాంటి పజిల్ ఒకటి వస్తే దాని మీద సాధారణంగా ఐదు ప్రశ్నలుంటాయి. బొమ్మ ఒక్కచోట తప్పితే ఆ ఐదూ అనుమానమే.

అందరూ బల్ల మధ్యలోకి చూస్తుంటే పని తేలిక. కొందరు వీపు బల్లకు ఆనించి బయటికి చూస్తున్నారని చెప్పగానే చిక్కు మొదలవుతుంది. ఎంత పెరుగుతుందో లెక్క వేయవచ్చు. ఎనిమిది మంది గుండ్రంగా కూర్చోవడానికి 5,040 తీరులున్నాయి. ఒక్కొక్కరు లోపలికైనా చూడవచ్చు, బయటికైనా చూడవచ్చు అంటే, ముఖాల తీరులు మరో 256. రెండూ హెచ్చిస్తే 12,90,240. ఇన్నిటిలోంచి ఏడెనిమిది క్లూలతో ఒక్క బొమ్మను పట్టుకోవాలి.

అంతటికీ ఆధారం ఒక్క సూత్రం. కాగితం మీద సున్నా గీసి, అడుగున ఒక మనిషిని కూర్చోబెట్టండి. అతను మధ్యలోకి చూస్తుంటే అతని కుడిచెయ్యి మన కుడిచెయ్యి వైపే ఉంటుంది. అక్కడి నుంచి సున్నా వెంట ముందుకు కదిలితే గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతాం. కనుక లోపలికి చూసేవాళ్లకు కుడి అంటే అపసవ్యదిశ, ఎడమ అంటే సవ్యదిశ. బయటికి చూసేవాళ్లకు ఇది తారుమారు: కుడి సవ్యదిశ, ఎడమ అపసవ్యదిశ. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తప్పేది సున్నా పైభాగంలో కూర్చున్నవాళ్ల దగ్గర. అక్కడ మధ్యలోకి చూసే మనిషి మనకు ఎదురుగా ఉంటాడు, అతని కుడి మనకు ఎడమ. చేతులు ఊహించుకోవడం మానేసి సవ్యం, అపసవ్యం అని లెక్కపెడితే ఈ తప్పు రాదు.

మరొకటి కూడా ముందే చెప్పుకోవాలి. రమణకు ఎడమవైపు మూడో స్థానంలో పద్మ ఉంది అంటే లెక్క రమణ చేతిని బట్టి, రమణ దగ్గర మొదలవుతుంది. పద్మ ఎటు చూస్తోందో ఆ క్లూకు అనవసరం.

ఇప్పుడు ఒక పజిల్ చూద్దాం. రమణ, పద్మ, కిరణ్, లలిత, మోహన్, సుజాత, దేవి, వాసు గుండ్రటి బల్ల చుట్టూ సమాన దూరంలో కూర్చున్నారు. ఐదుగురు లోపలికి, ముగ్గురు బయటికి చూస్తున్నారు. రమణకు ఎడమవైపు మూడో స్థానంలో పద్మ ఉంది. రమణ, పద్మ వ్యతిరేక దిశల్లో చూస్తున్నారు. పద్మకు కుడివైపు రెండో స్థానంలో కిరణ్ ఉన్నాడు. కిరణ్‌కు సరిగ్గా ఎదురు స్థానంలో లలిత ఉంది. కిరణ్‌కు కుడివైపు రెండో స్థానంలో మోహన్ ఉన్నాడు. లలితకు కుడి పక్కనే సుజాత ఉంది. మోహన్‌కు ఎడమవైపు మూడో స్థానంలో దేవి ఉంది. దేవి, వాసు ఇద్దరూ రమణ చూసే దిశలోనే చూస్తున్నారు, సుజాత అందుకు వ్యతిరేకంగా చూస్తోంది.

ఒకే దిశ అంటే ఇక్కడ ఒకరు లోపలికి చూస్తే రెండోవారూ లోపలికే చూస్తారని అర్థం. ఎదురెదురుగా కూర్చుని లోపలికి చూసే ఇద్దరి ముఖాలు నిజానికి ఒకటి తూర్పుకూ ఒకటి పడమరకూ ఉండవచ్చు, పరీక్షలో ఆ లెక్క పట్టించుకోరు.

క్లూలన్నీ చదివితే ఒకటి తెలుస్తుంది. ఫలానా మనిషి లోపలికి చూస్తున్నాడని ఎక్కడా నేరుగా చెప్పలేదు. చాలామంది ఇక్కడ రెండు బొమ్మలు మొదలుపెడతారు, రమణ లోపలికి చూస్తే ఒకటి, బయటికి చూస్తే ఇంకొకటి. అవసరం లేదు, ఎందుకో కాసేపట్లో చెబుతాను. ప్రస్తుతానికి రమణ లోపలికి చూస్తున్నాడనుకుందాం. సీట్లకు సవ్యదిశలో 1 నుంచి 8 వరకు అంకెలు వేసి రమణను 1లో కూర్చోబెడదాం.

రమణ ఎడమ సవ్యదిశ కాబట్టి పద్మ 4లో ఉంటుంది. ఆమె రమణకు వ్యతిరేకంగా, అంటే బయటికి చూస్తోంది. బయటికి చూసేవారి కుడి సవ్యదిశ, కనుక కిరణ్ 6లో, అతనికి ఎదురుగా లలిత 2లో.

తర్వాతి క్లూ దగ్గర ఆగాలి. కిరణ్‌కు కుడివైపు రెండో స్థానంలో మోహన్ అన్నారు, కానీ కిరణ్ ముఖం ఎటో తెలియదు. అతను లోపలికి చూస్తుంటే కుడి అపసవ్యదిశ, రెండు సీట్లు వెనక్కి వెళ్తే 4. అక్కడ అప్పటికే పద్మ ఉంది. కాబట్టి కిరణ్ బయటికే చూస్తుండాలి, మోహన్ 8లోనే ఉండాలి. ఒక్క క్లూ రెండు సంగతులు తేల్చింది: మోహన్ సీటు, కిరణ్ ముఖం. ఈ తరహా పజిల్స్‌లో ముఖాలు ఎక్కువగా బయటపడేది ఇలాగే. నిండిన సీటు ఒక దిశను కొట్టేస్తుంది. అందుకే ముఖం తెలియని మనిషి క్లూ రాగానే దాన్ని వదిలి ముందుకు వెళ్లకుండా, రెండు దిశల్లోనూ లెక్కపెట్టి ఏ సీటు ఖాళీగా ఉందో చూడాలి. రెండూ ఖాళీగా ఉంటే అప్పుడు పక్కన పెట్టి తర్వాత తిరిగి రావచ్చు.

మిగతావి చకచకా సాగుతాయి. లలిత లోపలికి చూస్తుంటే ఆమె కుడి పక్క సీటు 1, అక్కడ రమణ ఉన్నాడు. కాబట్టి ఆమె బయటికి చూస్తోంది, సుజాత 3లో. మోహన్ లోపలికి చూస్తుంటే ఎడమవైపు మూడోది 3, అక్కడ సుజాత ఉంది. కాబట్టి అతనూ బయటికే, దేవి 5లో. మిగిలిన 7 వాసుది. దేవి, వాసు రమణలాగే లోపలికి, సుజాత బయటికి.

బొమ్మ నిండింది. లోపలికి చూసేవాళ్లను లెక్కపెడితే రమణ, దేవి, వాసు. ముగ్గురే. పజిల్ ఐదుగురు అంది. అంటే రమణ లోపలికి చూస్తున్నాడన్న మన ఊహ తప్పు. ఇక్కడ చాలామంది బొమ్మంతా కొట్టేసి, మిగిలిన సమయాన్ని చూసి కంగారుపడి, మొదటి క్లూ నుంచి మళ్లీ మొదలుపెడతారు.

కొట్టేయనక్కర్లేదు. ఆ బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పండి, అంటే పేర్ల వరసను సవ్యదిశలో కాకుండా అపసవ్యదిశలో రాయండి. దాంతోపాటు అందరి ముఖాలూ మార్చండి, లోపలివాళ్లు బయటికి, బయటివాళ్లు లోపలికి. వరస తిరగబడినప్పుడు సవ్యం అపసవ్యమైంది. ముఖం తిరగబడినప్పుడు కుడి చెయ్యి కూడా సవ్యం నుంచి అపసవ్యానికి, లేదా అటు నుంచి ఇటుకు మారింది. రెండు మార్పులూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఎవరి కుడి పక్కన ఎవరున్నారో వాళ్లే ఉంటారు. ఎదురెదురు జంటలు కదలవు. ఒకే దిశ, వ్యతిరేక దిశ అన్న మాటలూ అలాగే నిలుస్తాయి. మారేది లోపలివాళ్ల సంఖ్య ఒక్కటే, ముగ్గురు ఐదుగురవుతారు.

కొత్త బొమ్మను సరిచూద్దాం. రమణ నుంచి అపసవ్యదిశలో లలిత, సుజాత, పద్మ, దేవి, కిరణ్, వాసు, మోహన్. బయటికి చూసేది రమణ, దేవి, వాసు. రమణ ఎడమ ఇప్పుడు అపసవ్యదిశ, మూడో స్థానంలో పద్మే ఉంది. పద్మ లోపలికి చూస్తోంది, ఆమె కుడి అపసవ్యదిశ, రెండో స్థానంలో కిరణ్. మోహన్ లోపలికి చూస్తున్నాడు, ఎడమ సవ్యదిశ, వాసు, కిరణ్ దాటాక మూడోది దేవి. తక్కినవీ ఇలాగే సరిపోతాయి.

మొదట్లో రెండు బొమ్మలు వద్దన్నది ఇందుకే. కుడి, ఎడమ, ఎదురు, ఒకే దిశ, వ్యతిరేక దిశ అన్న మాటలతోనే నడిచే పజిల్‌కు ప్రతి జవాబుకూ ఇలాంటి జంట ఉంటుంది. ఒకటి పూర్తి చేసి, చివర్లో లెక్క సరిచూసి, అవసరమైతే తిప్పితే చాలు. ఫలానావారు లోపలికి చూస్తున్నారనో, ఫలానావారి నుంచి సవ్యదిశలో రెండో సీటనో క్లూ ఉంటే మాత్రం తిప్పిన బొమ్మ దానికి నిలవదు. ముఖం చెప్పిన మనిషి ఉంటే ఊహించే పని లేకుండా అతనితోనే మొదలుపెట్టాలి. నా ఉద్దేశంలో పజిల్ చేతికి రాగానే మొదట వెతకాల్సింది ఆ మనిషినే, ఎక్కువ పేర్లున్న క్లూను కాదు.

ఈ జంట సంగతి ప్రశ్నల దగ్గరా పనికొస్తుంది. వాసుకు కుడి పక్కన ఎవరని అడిగితే మొదటి బొమ్మలోనూ కిరణే, తిప్పిన బొమ్మలోనూ కిరణే. సమయం లేక బొమ్మ తిప్పకపోయినా కుడి ఎడమల ప్రశ్నలకు జవాబు తప్పదు. దెబ్బ తగిలేది రెండు రకాల ప్రశ్నల్లో. ఒకటి, బయటికి చూస్తున్నది ఎవరు, ఎంతమంది అని అడిగేవి. రెండోది, రమణ నుంచి సవ్యదిశలో లెక్కిస్తే వాసుకూ రమణకూ మధ్య ఎందరని అడిగేవి. సరైన బొమ్మలో మోహన్ ఒక్కడే. తిప్పకుండా వదిలేస్తే ఐదుగురు వస్తారు.

మన పజిల్‌లో ఐదు, ముగ్గురు అనడం వల్లే జంటలో ఒకటి కొట్టుకుపోయింది. అదే నలుగురు లోపలికి, నలుగురు బయటికి అని ఉంటే? బొమ్మ తిప్పినా నాలుగు నాలుగే. ఆ సంఖ్య మనిషి ముఖం గురించి ఏమీ తేల్చదు. అప్పుడు ముఖం తెలిపే వేరే క్లూ ఉండి తీరాలి. కనిపించకపోతే క్లూలు మరోసారి చదవాలి, ఎక్కడో ఒక వాక్యం చివర అది దాగి ఉంటుంది. నిజంగానే లేకపోతే రెండు బొమ్మలూ సరైనవే. అడిగిన ఐదు ప్రశ్నలూ కుడి ఎడమల మీదే ఉంటే ఏ బొమ్మ పట్టుకున్నా జవాబులు ఒకటే వస్తాయి.