మీకు తెలుసా? గ్రూపులో లేని రోజు సందేశాలు వెనక్కి రావు

స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి ఒక ఊరి రైతులు వడ్ల కొనుగోలు కేంద్రం ముచ్చట్ల కోసం వాట్సప్ గ్రూపు పెట్టుకున్నారనుకుందాం. ఎవరి వడ్లు ఏ రోజు కాంటా వేస్తారో ఆదివారం అందులో జాబితా పెట్టారు. సోమవారం ఇంకో రైతును చేర్చారు. ఆయన ఎంత పైకి జరిపినా ఆ జాబితా దొరకదు.

కారణం, గ్రూపు పాత ముచ్చట్లన్నీ ఒకచోట దాచి ఉండవు. అవి సభ్యుల ఫోన్లలో ఉంటాయి. వాట్సప్ సర్వర్ సందేశాన్ని తాళం వేసిన రూపంలోనే అందుకుని, ఫోన్‌కు చేరగానే తన దగ్గర తీసేస్తుంది. ఆ తాళంచెవిని పంపేవాళ్ల ఫోనే తయారుచేసి, అప్పటికి గ్రూపులో ఉన్నవాళ్లకు మాత్రమే అందిస్తుంది. ఎవరైనా బయటికి వెళ్లిపోతే మిగిలినవాళ్ల ఫోన్లు పాత తాళంచెవులు వదిలేసి కొత్తవి పంచుకుంటాయి.

మన రైతు మంగళవారం రాత్రి గ్రూపు వదిలి, గురువారం పొద్దున మళ్లీ చేరాడు. సోమ, మంగళవారాల సందేశాలు ఆయన ఫోన్‌లో అలాగే ఉంటాయి, తానుగా చాట్ తుడిచేసుకోకపోతే. గురువారం చేరినప్పటి నుంచి వచ్చేవీ కనిపిస్తాయి. బుధవారం ఖాళీ. ఆ రోజు గన్నీ సంచుల లారీ వచ్చిందని రాసి ఉన్నా ఆయనకు అందదు. చాట్ మధ్యలో ఆయన వెళ్లినట్టు ఒక చిన్న వరుస, మళ్లీ చేర్చినట్టు ఇంకొకటి కనిపిస్తాయి. వాటి మధ్య కాలమే పోయింది.

అదే ఆయన గ్రూపులోనే ఉండి బుధవారమంతా ఫోన్ ఆపేసి ఉంటే ఏదీ పోయేది కాదు. అందని సందేశాలను సర్వర్ 30 రోజుల దాకా ఆపి ఉంచుతుంది. అందుకే గోల ఎక్కువైందని గ్రూపు వదలడం కన్నా చప్పుడు రాకుండా మ్యూట్ చేసుకోవడమే నయమని నా గట్టి అభిప్రాయం.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆదివారం జాబితాను పట్టుకుని ఎవరైనా శుక్రవారం జవాబిస్తే, ఆ జవాబు పైన పాత సందేశంలోని ముక్క ఈయనకూ కనిపిస్తుంది. అది జవాబుతో పాటే వస్తుంది కాబట్టి. నొక్కితే మాత్రం అసలు సందేశానికి వెళ్లదు. ఆ ముక్కే మొత్తం అనుకుంటే కాంటా తేదీ తప్పిపోవచ్చు.

టెలిగ్రామ్ పద్ధతి వేరు. అక్కడ ముచ్చట్లు కంపెనీ సర్వర్లలోనే ఉంటాయి కాబట్టి కొత్తవాళ్లకు పాతవి చూపాలా వద్దా అన్నది అడ్మిన్ నిర్ణయించవచ్చు. వాట్సప్‌లో అయితే ఉన్న సభ్యుల్లో ఒకరు పాతవి పంపాలి. లేదంటే అడ్మిన్ కాంటా తేదీలను గ్రూపు వివరణలో రాసిపెట్టాలి. ఎప్పుడు చేరినా ఆ వివరణ అందరికీ కనిపిస్తుంది.